మా మరిది ఐదుపిన్నుల వైరు

నంద్యాలలో తబలాలూ గిటార్లూ వేలాడగట్టిన ఒక అంగడిలో మా మరిది సాల్మన్ రాజు గెలిచిన తగాదా నేను కళ్ళారా చూశాను. పరుపు దుప్పట్లో చుట్టిన పాత కీబోర్డును పసిబిడ్డను పండబెట్టినట్టు గల్లాబల్ల మీద పెట్టి, దీన్ని కంప్యూటర్‌కు కలిపే వైరు కావాలన్నాడు. అంగడాయన వయసులో చిన్నవాడు, గడ్డం నీటుగా దిద్దుకున్నాడు. కీబోర్డు వెనక్కి ఒకసారి వంగి చూసి నవ్వాడు.

"దీనికి యూఎస్‌బీ లేదు పెద్దాయనా. కంప్యూటర్‌కు ఎక్కదు. ఇంట్లో అలంకారానికి పెట్టుకోండి. కొత్తది చూపిస్తా, ఒకే వైరు, గుచ్చితే అయిపోయె."

"మరి ఈ గుండ్రటి బెజ్జాలు ఏందప్పా? చీమలు కాపురముండేదానికి పెట్టినారా?"

"అవి పాతకాలం మిడి బెజ్జాలు. ఒక కీబోర్డుకు ఇంకో కీబోర్డు తగిలించేదానికి. కంప్యూటర్‌కు అట్లాంటి గుండ్రటి బెజ్జం యాడుంది?"

"కంప్యూటర్‌కు లేకపోతే నడుమ డబ్బీ ఉన్న వైరు వస్తాది. ఒక కొసకు రెండు గుండ్రటి తలకాయలు, ఒక్కోదానికి ఐదు పిన్నులు. ఇంకో కొసకు నీ యూఎస్‌బీ."

"అట్లాంటిది రాదు సామీ. ఇరవై అంగళ్ళు తిరిగినా రాదు."

"రాదా? మరి నీ నెత్తి మీద ఉరేసుకున్నది ఏందీ?"

అందరం తలెత్తి చూశాం. గిటారు తీగల పొట్లాల నడుమ, ప్లాస్టిక్ సంచిలో, సరిగ్గా మా మరిది చెప్పిన వైరే దుమ్ము కొట్టుకుని వేలాడుతోంది. అంగట్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. అంగడాయన స్టూలెక్కి దాన్ని దించుతుంటే మా మరిది నా వైపు తిరిగి, "చూసినావా వదినా, సొంత అంగట్లో ఏముందో తెల్వనోడు నాకు చెప్తాండాడు" అన్నాడు. నాకూ గర్వంగానే ఉండింది. మా ఇంటి మగవాళ్ళు ఎక్కడికి పోయినా మాట పడి రారు.

ఆ రోజు అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

సాల్మన్ రాజు నా పెనిమిటికి తమ్ముడు. ఆళ్ళగడ్డ ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. చేతికి గ్రీజు ఉన్న రోజుల్లోనే మా మామ శాంతయ్య దగ్గర హార్మోనియం నేర్చుకున్నాడు. తర్వాత బెంగళూరు నుంచి వచ్చిన ఒక పాటల పార్టీవాళ్ళు ఊరు విడిచిపోతూ అమ్మిన కీబోర్డు కొన్నాడు. అప్పటి నుంచి ఆదివారం వస్తే మా ఏసయ్య గుడిలో ఆ కీబోర్డు ముందర కుర్చీ ఆయనదే. పండగైనా, పెళ్ళైనా, మట్టి చేసే రోజైనా ఆయన వేళ్ళు కదలందే మా నోళ్ళు కదిలేవి కావు. అబద్ధం చెప్పకూడదు, బాగా వాయించేవాడు. ఆయన వాయిస్తుంటే గొంతు లేనివాళ్ళకు కూడా గొంతు ఉన్నట్టు అనిపించేది.

కానీ ఒక జబ్బు ఉంది. తప్పు తనదని ఒప్పుకోడు. బస్సు కదలకపోతే డ్రైవరుది తప్పు. కూరలో తను వేసిన ఉప్పు ఎక్కువైతే ఉప్పుది తప్పు. డిపోలో చేసిన మనిషి కదా, ఏది చెడిపోయినా వేరేవాళ్ళ చేతిలో చెడిపోయి తన దగ్గరికి వస్తుందనే లెక్క.

ఏడాదిగా మా గుడిలో పాట లాగుతోంది. మొదలుపెట్టినప్పుడు బాగానే ఉంటుంది, రెండో చరణానికి వచ్చేసరికి ఎడ్లబండి ఎత్తెక్కినట్టు అవుతుంది. పాట ఎత్తేది దానమ్మ. అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పే మనిషి, నిదానస్థురాలు. ఒక ఆదివారం పాట నడుమన మా మరిది వాయించడం ఆపేసి, అందరూ చూస్తుండగా అన్నాడు:

"దానమ్మా, ఈడుస్తాండావ్. నీ వెనక నేను నడవలేక చస్తాండా. పోయి వెనక నిలబడు."

దానమ్మ పాటల పుస్తకం మూసుకుని వెనక వరసకు పోయింది. ఇంకొకరు ముందుకు వచ్చారు. పాట మాత్రం లాగుతూనే ఉండింది. దానికీ మా మరిది దగ్గర జవాబుంది: "వెనక నిలబడి కూడా ఈడుస్తాంది."

ఇట్లా ఉండగా గుడి వార్షికోత్సవానికి మా పాటలు రికార్డు చేయించి ఫోన్లలోకి పంపాలని పాస్టరు సంజీవయ్య తలపెట్టాడు. నంద్యాలలో ప్రియదర్శిని అనే అమ్మాయి రికార్డింగు గది నడుపుతోంది. భక్తి పాటలూ జానపదాలూ చేస్తుంది. ఆమె దగ్గర యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిసే చిన్న కీబోర్డు ఉందనీ, వినీత్ అనే నంద్యాల పిల్లవాడు దాని మీద బాగా వాయిస్తాడనీ, కావాలంటే ఆదివారాలు ఆళ్ళగడ్డకు కూడా వస్తాడనీ కమిటీవాళ్ళు పాస్టరు చెవిన వేశారు. మా మరిదికి విషయం అర్థమైంది. ఈసారి రికార్డులో కుర్చీ పోతే, ఆదివారం కుర్చీ కూడా పోయినట్టే.

"నా కీబోర్డు, నా చేతులు. లేదంటే గుడి మెట్లు ఎక్కను" అన్నాడు.

పాస్టరు మెత్తని మనిషి. "సరే రాజన్నా. నీ కీబోర్డు ఆ కంప్యూటర్‌కు కలిసి, రికార్డు బాగా వస్తే కుర్చీ నీదే. ఇంక ఆ మాట ఎవురూ ఎత్తరు. కుదరకపోతే మాత్రం కొత్తది కొంటాం, వినీత్ వాయిస్తాడు" అన్నాడు. అందుకే ఆ వైరు కోసం అంగట్లో అంత తగాదా.

రికార్డింగు రోజు అందరం బస్సులో పోయాం. మా మరిది కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, కండక్టరు లగేజి టిక్కెట్టు అడిగితే "ఇది నా బిడ్డప్పా, బిడ్డకు టికెట్ అడుగుతావా" అని వాదించుకుంటూ వచ్చాడు. బొరుగుల ఉగ్గాని గిన్నె పట్టుకుని నేనూ పోయాను. దానమ్మను కూడా పాస్టరే పట్టుబట్టి పిలిపించాడు. ఆమె బస్సులో వెనక సీటు చూసుకుని కూర్చుంది.

ప్రియదర్శిని గది చల్లగా ఉంది. గోడలకు మెత్తటి అట్టలు కొట్టి ఉన్నాయి. పిల్ల వినయంగా, "అంకుల్, వైరు నేను పెడతాను ఇవ్వండి" అంది.

"వద్దమ్మా. బస్సు ఇంజను విప్పి బిగించినోణ్ణి. రెండు తలకాయలు గుచ్చలేనా?"

కీబోర్డు వెనక గుండ్రటి బెజ్జాల మీద ఒకదానికి ఇన్ అనీ, ఒకదానికి ఔట్ అనీ రాసి ఉంది. వైరు తలకాయల మీద కూడా ఇన్, ఔట్ అని రాసి ఉంది. మా మరిది ఇన్‌ను ఇన్‌లో, ఔట్‌ను ఔట్‌లో గుచ్చాడు. యూఎస్‌బీ కొసను కంప్యూటర్‌కు పెట్టి దర్జాగా వాయించాడు. కంప్యూటర్‌లో ఏమీ కదలలేదు.

"ఆ రెండూ మార్చి పెట్టండి అంకుల్" అంది పిల్ల. "కీబోర్డు ఔట్ నుంచి బయటికి వచ్చేది కంప్యూటర్‌కు ఇన్ కావాలి కదా. ఈ వైరు మీద రాసింది కంప్యూటర్ లెక్కన రాసింది."

"ఇన్ అని రాసింది ఇన్‌లో పెట్టకపోతే యాడ పెడతారమ్మా? రాసినోడు పిచ్చోడా? నీ కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉంది." అంతటితో ఊరుకోలేదు. "నీ కీబోర్డు మీద వాయిస్తే నీకు ఇంకో నాలుగు దుడ్లు వస్తాయని చూస్తాండావేమో" అన్నాడు.

పిల్ల మొహం కందిపోయింది. పాస్టరు "రాజన్నా" అన్నాడు, అంతే. నాకు చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల మాకేం చేసిందని? ఆమె వంగి, రెండు తలకాయలూ పీకి, ఒకదాని బదులు ఒకటి పెట్టింది. "ఇప్పుడు ఒక్క మెట్టు నొక్కండి" అంది. నొక్కాడు. తెర మీద పచ్చటి చుక్క ఎగిరింది. ఇంకోటి నొక్కాడు. ఇంకో చుక్క.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మా మరిది తువ్వాలుతో మెడ తుడుచుకుని, "అవుతాదిలే, వైరు చేసినోడు తప్పు రాసినాడు" అన్నాడు.

తర్వాత ఆమె ఆయన చెవులకు హెడ్‌ఫోను తగిలించింది. అందులో టిక్కు టిక్కుమని తాళం వస్తుంది, దాని ప్రకారం వాయించాలి. ఆయన పాట మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని, మెడ ఊపుతూ, ప్రాణం పెట్టి వాయించాడు. కీబోర్డు నుంచి వచ్చే నాదం వింటుంటే నా కోపం కూడా కొంత కరిగింది. తెర మీద నిలువు గీతలు ఉన్నాయి. ఆయన నొక్కిన ఒక్కో మెట్టూ ఒక పచ్చ పట్టీలాగా పడుతూ పోయింది. పాట అయ్యాక పిల్ల ఆ పట్టీలను చూసి, తెరను కొంచెం తన వైపుకు తిప్పుకుంది.

తిప్పుకోవడం మా మరిది చూశాడు.

"ఏందమ్మా దాచిపెడతాండావ్? ఇటు తిప్పు."

"ఏం లేదంకుల్. చిన్న చిన్నవి. నేను సరిచేస్తాను."

"తిప్పు."

తిప్పింది. నాకు చదువు అంతగా రాదు గానీ గీత మీద ఉన్నదేదో గీత దాటిందేదో తెలియనంత మొద్దును కాను. పైన ఉన్న పట్టీలు గీతల మీద బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కింద ఉన్న పట్టీలు మాత్రం ఒక్కటి కూడా గీత మీద లేదు. అన్నీ గీత దాటి అవతల పడ్డాయి. పాట సాగే కొద్దీ ఇంకా ఇంకా అవతలికి జరిగాయి.

"అడ్డంగా కాలం, నిలువుగా స్వరం" అని పిల్ల మెల్లగా చెప్పింది. "పైవి కుడిచేతివి, కిందివి ఎడమచేతివి. ఒక్కో గీత ఒక్కో తాళం దెబ్బ."

అంటే ఎడమచెయ్యి ఆలస్యంగా పడుతోంది. తాళం పట్టేది ఆ చెయ్యే కదా. పాడేవాళ్ళు ఆ చేతి కోసం ఆగి, అది వచ్చాక అడుగు వేస్తున్నారు. ఏడాదిగా మా గుడిలో పాట లాగింది అందుకే. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తెలిసింది. అందరి తలలూ వెనకనున్న దానమ్మ వైపు తిరగబోయి ఆగిపోయాయి.

అప్పుడు మా మరిది చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. ఏ గుండ్రటి వైరు కోసం నంద్యాల అంగట్లో అంత గొంతు చేసుకున్నాడో, ఆ వైరు మీదే తోశాడు.

"ఈ వైరుతోనే తంటా. పాత పద్ధతి కదా, ఐదు పిన్నులది. దాంట్లో నిదానంగా పోతాది. నేను టైముకే నొక్కినా. వైరే లేటు చేస్తాంది. యూఎస్‌బీ అయ్యుంటే సరిగ్గా పోయేది."

పాస్టరు నేల చూశాడు. నేను గోడ అట్టలు చూశాను.

ప్రియదర్శిని చిన్నపిల్లే అయినా ఓర్పు ఉంది. "ఈ వైరులో ఒక్కో స్వరం ఒకదాని వెనక ఒకటి పోతుంది అంకుల్, నిజమే. కానీ ఆ తేడా మన చెవికి అందేది కాదు. అదీ గాక రెండు చేతులవీ ఇదే వైరులో వస్తున్నాయి. వైరు ఆలస్యం చేస్తే కుడిచేతివి కూడా ఆలస్యం కావాలి కదా. అవి గీత మీదే ఉన్నాయి."

"నీ యూఎస్‌బీ కీబోర్డు తియ్యి" అన్నాడు ఆయన.

తీసింది. ఒకే వైరు, గుచ్చితే తెరకు అందింది. దాని మీద మళ్ళీ వాయించాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు, తెరనే చూస్తూ వాయించాడు. పైవి గీత మీద, కిందివి గీత అవతల. ఏ వైరులో పంపినా ఎడమచెయ్యి ఎడమచెయ్యే. ఆయన చెయ్యి పైకెత్తి ముందూ వెనకా చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించినట్టు చూసుకున్నాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ కొంచెం వంగి ఉన్నాయి. ఎప్పటి నుంచి అట్లా ఉన్నాయో నేనూ చూడలేదు. ఆయన ఎవరినీ చూడనిచ్చిన మనిషి కాదు.

వెనక నుంచి దానమ్మ లేచి వచ్చింది. ఏమంటుందోనని ఆమె నోటి వైపే చూశాను. ఏం అన్నా నేను అడ్డం పోయేదాన్ని కాదు, అనే హక్కు ఆమెకుంది. ఆమె సీసా మూత తీసి చాపి, "అన్నా, కొంచెం నీళ్ళు తాగు" అంది. అంతే.

తిట్టి ఉంటే మా మరిది తిరిగి తిట్టేవాడు. నీళ్ళిస్తే ఏం చేస్తాడు? తాగాడు. చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

టైము అయిపోతోందనీ, బస్సుకు పోవాలనీ పాస్టరు తొందరపడ్డాడు. "సరిచేయొచ్చన్నావు కదమ్మా, చేసెయ్" అన్నాడు. పిల్ల మా మరిది వైపు చూసింది. ఆయన తల ఊపాడో లేదో నాకు తెలియదు, మెడ మాత్రం కదిలింది. ఆమె ఒక్క నొక్కు నొక్కింది. కింద పట్టీలన్నీ కొరడా దెబ్బకు ఉలిక్కిపడ్డట్టు గీతల మీదికి వచ్చి నిలబడ్డాయి.

"కంప్యూటర్‌లో ఉన్నది నాదం కాదంకుల్" అంది. "ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న కబురు మాత్రమే. ఇదే కబురు ఇంకో తలకాయలోంచి మీ కీబోర్డుకు తిరిగి పంపిస్తాను. మీ కీబోర్డే వాయిస్తుంది. దాని నాదాన్ని వేరే వైరుతో రికార్డు చేద్దాం. మీ కీబోర్డు నాదం బాగుంది, వదులుకోకూడదు."

ఇంకో నల్ల వైరు తెచ్చి కీబోర్డు హెడ్‌ఫోను బెజ్జంలో పెట్టింది. తర్వాత మీట నొక్కింది. మా మరిది చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆయన ఎదుట, ఎవరూ తాకని ఆయన కీబోర్డు తనకు తానే వాయించడం మొదలుపెట్టింది. గదిలోని స్పీకర్లలో ఆయన నాదమే, ఆయన గమకాలే. కుడిచెయ్యి ఆయనదే. ఎడమచెయ్యి మాత్రం పదేళ్ళ కిందటి ఆయన చెయ్యి మాదిరి తప్పటడుగు లేకుండా నడిచింది. పాడేవాళ్ళు దాని మీద పాడారు. దానమ్మే ఎత్తింది. పాట ఎక్కడా లాగలేదు. అంత బాగా మేము పాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ పాట ఉన్నంతసేపూ ఆయన కీబోర్డు వైపు చూడలేదు.

ఉగ్గాని ఎవరూ సరిగా తినలేదు. గిన్నె అట్లాగే ఇంటికి వచ్చింది.

వార్షికోత్సవానికి ముందే పాటలు ఫోన్లలోకి పోయాయి. కొత్తపల్లె నుంచి, పాములపాడు నుంచి కూడా చుట్టాలు ఫోన్లు చేశారు. "రాజన్నా, ఈ వయసులో ఏం వాయించినావప్పా! ఆ తాళం ఏందీ, గడియారం మాదిరి!" అని ఒకరు. "ఇంక వినీత్ గినీత్ ఎందుకు, మనకు రాజన్న ఉండాడు" అని కమిటీవాళ్ళు. పాస్టరు ఇచ్చిన మాట ప్రకారం కుర్చీ ఆయనదేనన్నాడు, పైగా వార్షికోత్సవం నాడు అందరి ముందర శాలువా కప్పాలని నిర్ణయించారు. గదిలో చూసినవాళ్ళు ఎవరూ బయట నోరు విప్పలేదు. దానమ్మ అసలే విప్పలేదు.

ఫోను మోగితే మా మరిది తీసేవాడు కాదు. నేను తీస్తే, పొగడ్త విని ఆయన చెవిన వేస్తే, పళ్ళు పీకుతున్నట్టు మొహం పెట్టేవాడు. వరసగా రెండు ఆదివారాలు జ్వరమని గుడికి పోలేదు. జ్వరం ఎంతుందో నేను నుదురు తాకి చూశాను. నా చెయ్యే వేడిగా ఉంది.

"ఏమి నాటకం రా ఇది?" అన్నాను. "గెలిచినోడివి కదా. కుర్చీ నీదే అన్నారు. పోయి కూర్చో."

"యాడ గెలిచినా వదినా? ఆ ఎడమచెయ్యి నాది కాదు."

"కాకపోతే ఏమి, కీబోర్డు నీదే కదా."

"కీబోర్డు నాదే. అది మంచిదే. వైరూ మంచిదే." ఎడమచేతి వంగిన వేళ్ళు సాగదీసుకున్నాడు. "దానమ్మను అంతమంది ముందర వెనక్కి పంపినా. ఆమెది రవ్వంత కూడా తప్పు లేదు. ఆ చదువుకున్న పిల్లను దుడ్లకు కక్కుర్తి అన్నా. నోరు పారేసుకునేటప్పుడు జనం కావాల్సొచ్చింది నాకు. ఒప్పుకునేటప్పుడు ఎవురూ లేని చోటు వెతుకుతాండా. నిన్న దానమ్మ ఇంటి దాకా పోయి సందు మలుపులోనే తిరిగొచ్చినా."

మా ఇంటి మగవాడి నోట అట్లాంటి మాట నేనెన్నడూ వినలేదు. నా పెనిమిటి నోట కూడా వినలేదు. పమిట కొంగు సర్దుకున్నాను. సిగ్గు ఆయనకే కాదు, ఆ ఇంట్లో గోడలకు కూడా పట్టినట్టు ఉంది.

"ప్రియదర్శినికి ఫోను చేసి చెప్పినా, తప్పైపోయిందమ్మా అని. ఏడ్చింది ఆ పిల్ల. దానమ్మకు ఫోనులో చెప్పేది కాదు."

"అయితే ఏం చేస్తావ్?"

"శాలువా కప్పే రోజు అందరూ ఉంటారు. కప్పకముందే లేచి చెప్తా, తాళం తప్పింది నాదే, దానమ్మది కాదు అని. ఆ రికార్డులో ఎడమచెయ్యి కంప్యూటర్ దిద్దిందని కూడా చెప్తా. కుర్చీ ఉంటే ఉంటాది, పోతే పోతాది."

"చెప్పు. నిన్ను ఆపేదెవురు?"

"నన్ను ఆపేది నేనే. లేచినాక నా సంగతి నీకు తెల్వదా? నోరు తెరిస్తే నా తప్పు కాదనే వస్తాది. వైరు అంటా, పిన్నులు అంటా, యూఎస్‌బీ అంటా, ఎండ అంటా." తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో ఎప్పటి పొగరూ లేదు. "నువ్వు నా పక్కనే నిలబడు వదినా. నేను వైరు మాట ఎత్తినానా, పాస్టరున్నాడని చూడొద్దు, జనమున్నారని చూడొద్దు, అందరి ముందర నా నోరు మూయించు. మూయించి, మిగిలింది దానమ్మకు నువ్వే చెప్పు."